సీఎస్‌ఆర్ టీమ్‌కు పంపే మొదటి మెయిల్: అరవై పంపినా జవాబు రాకపోతే తప్పెక్కడుంటుంది

"అన్నా నమస్తే. మాది హన్మకొండలో చిన్న సొసైటీ. ఐదేళ్ల నుంచి గీసుగొండ, సంగెం, పర్వతగిరి వైపు ఊళ్ల ఆడపిల్లలకు కుట్టు మిషన్ ఆపరేటర్ ట్రైనింగ్ ఇస్తున్నాం. ఈ ఏడాది 60 కంపెనీల సీఎస్‌ఆర్ వాళ్లకు ప్రపోజల్ మెయిల్ పెట్టినం, 120 మందికి 20 లక్షలు అడిగినం. రెండు ఆటో రిప్లైలు తప్ప ఇంకేం రాలేదు. మెయిల్, దాంతో పంపిన పీడీఎఫ్, బడ్జెట్ నీకు పెడుతున్నా. తప్పెక్కడుందో చూసి చెప్పు అన్నా."

తమ్మీ, మూడూ చదివిన. నేను పదకొండేళ్లు నీలాగే ట్రైనింగ్ సెంటర్ నడిపి ఇట్లాంటి మెయిళ్లు రాసినవాణ్ణి, తర్వాత నాలుగేళ్లు ఒక కంపెనీ సీఎస్‌ఆర్ టీమ్‌లో, అంటే కంపెనీ చట్టప్రకారం సమాజం కోసం పెట్టాల్సిన డబ్బు చూసే టీమ్‌లో కూర్చొని ఇట్లాంటివే చదివినవాణ్ణి. అందుకని కొంచెం సూటిగానే చెప్తా, ఏమనుకోకు.

నీ మెయిల్ మొదటి పేరాలో దేశంలో యువత ఎంతమంది, నిరుద్యోగం ఎంత ఉంది అని ఉంది. రెండో పేరాలో మీ సంస్థ ఆశయాలు. మూడో పేరాలో మహిళా సాధికారత. ఎంత అడుగుతున్నారో, ఎంతమందికో, ఎక్కడో తెలియాలంటే 14 పేజీల పీడీఎఫ్ తెరిచి తొమ్మిదో పేజీకి పోవాలి. అంతదాకా ఎవరూ పోరు. మా టీమ్‌లో ఉన్నది ఇద్దరమే, రోజుకు పదీ పదిహేను మెయిళ్లు వచ్చేవి, సగం ఫోన్‌లోనే చూసేవాళ్లం. ఫోన్‌లో కనబడేది సబ్జెక్టు లైను, దాని కింద ఒకటిన్నర లైను. నీ సబ్జెక్టు లైను "సహకారం కోసం విన్నపం". అదే మాట గుడి కట్టేవాళ్లూ పంపుతరు, క్రికెట్ టోర్నమెంట్ పెట్టేవాళ్లూ పంపుతరు.

ఇంకో సంగతి అర్థం చేసుకోవాలె. నీ మెయిల్ చదివే మేనేజర్‌కు డబ్బు ఇచ్చే అధికారం ఉండదు. ఆయనకు నచ్చితే దాన్ని పై వాళ్లకు పంపుతడు: సీఎస్‌ఆర్ కమిటీకి, ఫైనాన్స్‌కు, కొన్నిచోట్ల లీగల్‌కు కూడా. అంటే నీ మెయిల్‌ను ఆయన తన మాటగా ఇంకొకరికి చెప్పాలి. అట్ల చెప్పడానికి ఆయనకు కావల్సినవి మూడే. ఇది మన కంపెనీకి చట్టప్రకారం సీఎస్‌ఆర్ కింద నడుస్తదా, ఇదే జిల్లాలో మనమెందుకు పెట్టాలి, మనిషికి ఎంత పడుతుంది. ఈ మూడూ ఫార్వర్డ్ చేసిన మెయిల్‌లోనే కనబడాలి, అటాచ్‌మెంట్‌లో కాదు.

మొదటిది చట్టం సంగతి, ఎందుకంటే ఇక్కడే చాలామందిమి బొక్కబోర్లా పడతాం. కంపెనీల చట్టం 2013లో 135వ సెక్షన్, దాని వెనక ఏడో షెడ్యూల్ ఉంటది. నీ పని ఆ షెడ్యూల్‌లో రెండో అంశం కింద వస్తది, ఉపాధి పెంచే వృత్తి నైపుణ్యాలు అని అక్కడ ఉంది. ఒక్క వాక్యంలో ఆ మాట రాసెయ్, చాలు. దాంతోపాటు మీ సొసైటీకి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఎ, 80జి ఉన్నట్టు, ఇదే పనిలో మూడేళ్లు దాటినట్టు, కంపెనీ వ్యవహారాల శాఖలో సీఎస్‌ఆర్-1 ఫారం వేసి నంబర్ తీసుకున్నట్టు రాయాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ నంబర్ లేకుండా ఏ కంపెనీ కూడా నీ ద్వారా సీఎస్‌ఆర్ పని చేయించలేదు. నీ 14 పేజీల్లో ఆ నంబర్ ఎక్కడా లేదు తమ్మీ! కలెక్టర్ గారితో దిగిన ఫోటోలు నాలుగున్నయి, నంబర్ మాత్రం లేదు. ఉంటే మెయిల్‌లో పెట్టు, లేకపోతే ముందు అది తీసుకో, అప్పటిదాకా ఒక్క మెయిల్ కూడా పంపకు.

నీ మెయిల్ చివర ఇంకో వాక్యం ఉంది: "మా దగ్గర శిక్షణ పొందిన అమ్మాయిలను మీ ఫ్యాక్టరీకే పంపుతాం, మీకు శిక్షణ ఖర్చు మిగులుతుంది." నువ్వు మంచి మాట అనుకొని రాసినవ్, నాకు తెలుసు, ఎందుకంటే నేనూ ఒకప్పుడు సరిగ్గా ఇదే రాసిన. ఒక బట్టల కంపెనీ సీఎస్‌ఆర్ మేనేజర్‌కు మా ప్రపోజల్ బాగా నచ్చింది, సెంటర్‌కు వచ్చి పిల్లలతో మాట్లాడి పోయిండు, ఇక అయిపోయినట్టే అనుకున్నం. రెండు నెలలకు లీగల్ వాళ్ల దగ్గర ఆగిపోయింది. కారణం ఆ ఒక్క వాక్యమే. కంపెనీ తన మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పని సీఎస్‌ఆర్ కాదని, తన ఉద్యోగులకు మేలు చేసే పని సీఎస్‌ఆర్ కాదని రూల్స్‌లో ఉంది. తనకు కావల్సిన ఆపరేటర్లను సీఎస్‌ఆర్ డబ్బుతో తయారు చేయించుకుంటున్నారని రేపు ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలి అని వాళ్ల భయం. ఆ మేనేజర్ ఫోన్ చేసి, "మీరు ఆ లైను రాయకపోతే మా వాళ్లకు ఆ ఆలోచనే వచ్చేది కాదు సార్" అన్నడు. ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటది.

కాబట్టి ఆ వాక్యం తీసేయ్. దాని బదులు శిక్షణ తీసుకున్నవాళ్లు తమకు నచ్చిన ఏ యూనిట్‌లోనైనా చేరొచ్చు అని రాయి. అది నిజం కూడా. మన దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులోనే ఒకటి కంటే ఎక్కువ యూనిట్లున్నయి, కొందరు హైదరాబాద్ పోతరు, కొందరు ఊళ్లోనే టైలరింగ్ పెట్టుకుంటరు. యూనిఫాం మీద మీ లోగో వేస్తాం, ఫ్లెక్సీలు కడతాం అన్నది కూడా తీసెయ్. ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ కూడా సీఎస్‌ఆర్‌లోకి రాదు. గోడమీద ఒక చిన్న బోర్డు పెట్టమని వాళ్లే అడుగుతరు, అప్పుడు పెట్టు.

రెండోది, ఇదే జిల్లా ఎందుకు అన్నది. కంపెనీ తను పనిచేసే చోటుకూ చుట్టుపక్కలకూ ప్రాధాన్యం ఇవ్వాలని అదే 135వ సెక్షన్ చెప్తుంది. నువ్వు 60 మందికి పంపినవాటిలో కనీసం 40 కంపెనీలకు వరంగల్‌తో ఏ సంబంధమూ లేదు, పుణె, గురుగ్రామ్ అడ్రస్‌లు కూడా చూసిన. అది దండగ. ఎనిమిది పది కంపెనీలు చాలు, కానీ ఒక్కోదాని మీద ఒక పూట కూర్చోవాలె. csr.gov.in లో కంపెనీ పేరు కొడితే ఏ ఏడాది ఎంత ఖర్చు పెట్టింది, ఏ రాష్ట్రంలో, ఏ రంగంలో పెట్టింది అన్నది కనబడుతది. కంపెనీ వెబ్‌సైట్‌లో సీఎస్‌ఆర్ పాలసీ, బోర్డు ఒప్పుకున్న ప్రాజెక్టులు పెట్టాలన్న నిబంధన ఉంది, అది తెరిచి చదువు. చదువుకు, నీళ్లకు మాత్రమే ఇచ్చే కంపెనీని కుట్టు మిషన్ అడిగితే ఏం లాభం. టెక్స్‌టైల్ పార్కులో యూనిట్ ఉన్నవాళ్లు, మడికొండ ఐటీ పార్కులో ఆఫీసు ఉన్నవాళ్లు, ఉమ్మడి వరంగల్‌లో బ్రాంచీలు ఎక్కువున్న ఫైనాన్స్ కంపెనీలు, వీళ్లతో మొదలుపెట్టు. రామగుండం ఎన్టీపీసీ, సింగరేణి లాంటివి తమ ప్రభావిత గ్రామాలకే ముందు చూస్తయి. నీకు భూపాలపల్లి వైపు సెంటర్ ఉంటే సింగరేణిని అడగొచ్చు, గీసుగొండ పేరుతో అడిగితే కష్టం.

ఇక మూడోది, మనిషికి ఎంత అన్నది. నీ బడ్జెట్‌ను ఇక్కడ కొంచెం విడదీసి చూద్దాం, ఎందుకంటే ఇక్కడే నమ్మకం వస్తది, ఇక్కడే పోతది.

నీ 20 లక్షల్లో బస్సు ఛార్జీలు 2,88,000. రోజుకు 40 రూపాయలు, 60 రోజులు, 120 మందికి. లెక్క కరెక్టే. కానీ అందరూ ఆడపిల్లలు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు. హైదరాబాద్‌లో కూర్చున్న సీఎస్‌ఆర్ అమ్మాయి కూడా ఆ బస్సులోనే వస్తుందేమో, ఆమెకు ఇది ఒక్క సెకనులో దొరుకుతది. నువ్వు పాత ప్రపోజల్ నుంచి కాపీ కొట్టినవని ఆమెకు తెలిసిపోతది, మిగతా అంకెలన్నీ అదే కంటితో చూస్తది. బస్సు రాని ఊళ్లుంటే ఊరి పేరు రాసి, మెయిన్ రోడ్డు దాకా ఆటోకు ఎంతో అంతే అడుగు.

అసలు డబ్బు అడగాల్సిన చోట నువ్వు అడగలేదు. అమ్మాయి ఉద్యోగంలో చేరిన మొదటి నెల. జీతం చేతికి రావడానికి 35, 40 రోజులు పడుతది, అప్పటిదాకా హాస్టల్, తిండి, ఫోన్ రీచార్జ్ ఇంటి నుంచి తెచ్చుకోవాలె. నా అనుభవంలో మానేసిన పిల్లల్లో చాలామంది ఆ మొదటి రెండు నెలల్లోనే మానేసినరు. మనిషికి 1,500 ఇచ్చి చూడు, తేడా తెలుస్తది. అట్లనే చేరినవాళ్లకు నెలనెలా ఫోన్ చేసే మనిషి జీతం. మీ కోఆర్డినేటర్‌కు ట్రైనింగ్ అయ్యేదాకే జీతం పెట్టినవ్, ఆ తర్వాత పిల్లల సంగతి ఎవరు చూస్తరు?

నేనైతే ఇట్ల వేస్తా. ఇద్దరు ట్రైనర్లకు నెలకు 22,000 చొప్పున 9 నెలలకు 3,96,000. కోఆర్డినేటర్‌కు 18,000 చొప్పున 18 నెలలకు 3,24,000. అద్దె, కరెంటు ఏడాదికి 3,00,000. మీ దగ్గర 10 మిషన్లున్నయి, ఇంకో 10 ఇండస్ట్రియల్ మిషన్లకు 28,000 చొప్పున 2,80,000. బట్ట, దారం, సూదులు మనిషికి 1,500 లెక్కన 1,80,000. పరీక్ష, సర్టిఫికెట్ ఫీజు 1,20,000. ఉద్యోగంలో చేరతారనుకునే 84 మందికి మొదటి నెల సాయం 1,26,000. ఆడిట్, ఆఫీసు ఖర్చు 1,24,000. మొత్తం 18,50,000. నువ్వు అడిగినదానికంటే తక్కువే. ఈ రేట్లు నా అంచనా, మిషన్లకు మాత్రం రెండు కొటేషన్లు తెచ్చి దగ్గర పెట్టుకో.

ఆఫీసు ఖర్చు గురించి ఒక మాట. ఎన్జీవో అడ్మిన్ ఖర్చు 5 శాతం దాటొద్దని చట్టంలో ఉందని చాలామంది అంటరు, కొందరు సీఎస్‌ఆర్ మేనేజర్లు కూడా అంటరు. ఆ 5 శాతం కంపెనీ తన సొంత సీఎస్‌ఆర్ విభాగాన్ని నడుపుకునే ఖర్చుకు పెట్టిన హద్దు. ప్రాజెక్టు నడపడానికి, పర్యవేక్షణకు నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. అయితే కంపెనీ తన పాలసీలో నీకు ఒక హద్దు పెట్టుకోవచ్చు, అది వాళ్లిష్టం. మొదటి మెయిల్‌లో దీనిమీద వాదన పెట్టుకోకు, అడిగితే మర్యాదగా చెప్పు.

ఇప్పుడు మనిషికి ఎంత? 18,50,000ను 120తో భాగిస్తే 15,400 చిల్లర. నువ్వు రాసేది ఇదే, అందరూ రాసేది ఇదే. కానీ చదివే మనిషి మనసులో ఇంకో భాగహారం చేస్తడు: ఆరు నెలల తర్వాత ఎంతమంది ఇంకా పనిలో ఉంటరు? నీ పోయినేడు లెక్క నాకు తెలియదు కాబట్టి ఊహించి చెప్తున్న. 96 మంది చేరిండ్రు అనుకో, 84 మంది పూర్తి చేసిండ్రు, 67 మంది ఉద్యోగంలో చేరిండ్రు, ఆరు నెలలకు 48 మంది మిగిలిండ్రు. అంటే సగం. అదే నిష్పత్తిలో 120 మందిలో 60 మంది. అప్పుడు నిజమైన ఖర్చు మనిషికి 30,800 పైనే. ఈ అంకెను నువ్వే ముందు రాయి. భయపడకు. 95 శాతం ప్లేస్‌మెంట్ అని రాసిన మెయిళ్లు వాళ్లు చాలా చూసిండ్రు, నమ్మరు. "ఆరు నెలలకు సగం మంది మిగిలారు, మిగతా సగం ఎందుకు పోయారో ఇదీ" అని రాసినవాణ్ణి ఒకసారి ఆగి చదువుతరు.

ఈ అంకె దాచి నేనెట్ల దెబ్బతిన్ననో చెప్తా. ఒక ఏడాది 92 శాతం ప్లేస్‌మెంట్ అని రిపోర్టు ఇచ్చినం. అబద్ధం కాదు, ఆఫర్ లెటర్లు అన్ని ఉన్నయి. రెండో విడత డబ్బు విడుదలకు ముందు కంపెనీ నుంచి ఒకమ్మాయి మా లిస్టులోంచి పది పేర్లు ఏరి ఫోన్లు చేసింది. నాలుగు నంబర్లు పని చెయ్యలేదు. ఇద్దరు పెళ్లయి పోయిండ్రు. ఒక పిల్ల ఫోనెత్తి, "ఇప్పుడు పత్తి ఏరుతున్న అక్కా, సాయంత్రం చేస్తవా" అన్నదట. నవంబర్ నెల అది. చేన్లో కిలోకు ఇంత అని కూలి నడుస్తున్నప్పుడు, రోజుకు ఎనిమిది గంటలు పనిచేసి మొదటి నెల జీతం కోసం ఎదురుచూడమంటే ఎవరుంటరు? ఆ విడత ఆగింది, తప్పు మాదే. ఆ తర్వాత నుంచి పత్తి ఏరే నెలల్లో బ్యాచ్ పెట్టలేదు. బతుకమ్మ, దసరా దాటి, పత్తి తగ్గాక జనవరిలో మొదలుపెట్టేవాళ్లం. మేడారం జాతర ఉన్న ఏడాది ఆ నాలుగు రోజులు ఎట్లాగూ ఎవరూ రారు, క్యాలెండర్‌లోనే సెలవు వేసేవాళ్లం. హాజరు పట్టిక చూసి "ఈ వారం ఎందుకు పడిపోయింది" అని కంపెనీవాళ్లు అడిగే అవసరం రాదు. ఇట్లాంటి రెండు లైన్లు మెయిల్‌లో ఉంటే నువ్వు ఆ ఊళ్లలో తిరిగే మనిషివని తెలుస్తది, దానికి ఫోటోలక్కర్లేదు.

ఇప్పుడు మెయిల్. నువ్వు పంపేది ఇంగ్లీషులోనే పంపు, పైకి పోయేది అదే భాషలో కాబట్టి. ఇక్కడ మనకు అర్థం కావడానికి తెలుగులో రాస్తున్నా.

సబ్జెక్టు: వరంగల్ జిల్లాలో 120 మంది యువతులకు కుట్టు మిషన్ ఆపరేటర్ శిక్షణ, 18.5 లక్షలు, 18 నెలలు

"నమస్తే మేడం. మీ కంపెనీ వరంగల్ యూనిట్ చుట్టుపక్కల ఉన్న గీసుగొండ, సంగెం, పర్వతగిరి మండలాల్లో 120 మంది యువతులకు శిక్షణ ఇచ్చి పనిలో నిలబెట్టే ప్రాజెక్టుకు 18,50,000 రూపాయల సాయం కోరుతూ రాస్తున్నాం. ఇది ఏడో షెడ్యూల్ రెండో అంశం కిందికి వస్తుంది. మీ వెబ్‌సైట్‌లోని సీఎస్‌ఆర్ పాలసీలో యువత నైపుణ్యాలు ఒక రంగంగా ఉన్నాయి కాబట్టి మీకు రాస్తున్నాం.

మేం ఐదేళ్లుగా ఇదే పని చేస్తున్నాం. పోయిన ఏడాది 96 మంది చేరితే 84 మంది పూర్తి చేశారు, 67 మంది ఉద్యోగంలో చేరారు, ఆరు నెలల తర్వాత 48 మంది పనిలో ఉన్నారు. మానేసినవాళ్లలో ఎక్కువమంది మొదటి జీతం రాకముందే మానేశారు, కొందరు పత్తి ఏరే కాలంలో వెళ్లిపోయారు. అందుకే ఈసారి అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు బ్యాచ్ పెట్టడం లేదు, చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి నెల 1,500 సాయం పెట్టాం, ఆరు నెలలు నెలనెలా మాట్లాడే మనిషిని ఉంచాం.

మూడు బ్యాచ్‌లు, బ్యాచ్‌కు 40 మంది, ఉదయం 20, మధ్యాహ్నం 20. జులైలో మొదటిది, జనవరిలో రెండోది, ఏప్రిల్ మధ్యలో మూడోది. ఒక్కొక్కటి 60 పని దినాలు. కనీసం 60 మంది ఆరు నెలల తర్వాత పనిలో ఉండాలన్నది లక్ష్యం, ఆ లెక్కన నిలబడిన ఒక్కొక్కరికి అయ్యే ఖర్చు సుమారు 30,800. చేరినవాళ్లు తమకు నచ్చిన ఏ యూనిట్‌లోనైనా పనిచేయవచ్చు.

ఆఖరి బ్యాచ్ పరిశీలన వచ్చే ఏడాది డిసెంబర్‌లో ముగుస్తుంది, కాబట్టి ఇది రెండు ఆర్థిక సంవత్సరాల మీద నడిచే ప్రాజెక్టు. సాయం మూడు విడతల్లో కోరుతున్నాం: ఒప్పందం రోజు 7.4 లక్షలు, రెండో బ్యాచ్ మొదలయ్యాక లెక్కలు చూపి 7.4 లక్షలు, ఆరు నెలల పరిశీలన అయ్యాక 3.7 లక్షలు. కొనే 10 మిషన్లు మా సొసైటీ పేరున ఉంటాయి.

సొసైటీ రిజిస్ట్రేషన్, 12ఎ, 80జి, సీఎస్‌ఆర్ నంబర్ కింద ఇస్తున్నాం. ఒక పేజీ బడ్జెట్ జత చేశాం. వచ్చే పదిహేను రోజుల్లో మీకు వీలైన రోజు 20 నిమిషాలు ఫోన్‌లో మాట్లాడగలమా?"

ఇంతే. దీని కింద నీ పేరు, హోదా, ఫోన్ నంబర్, నాలుగు రిజిస్ట్రేషన్ నంబర్లు. అటాచ్‌మెంట్ ఒక్క పేజీ బడ్జెట్. 14 పేజీలది వాళ్లు అడిగినప్పుడు పంపు. మొదటి మెయిల్‌తోనే పిల్లల ఆధార్ కాపీలు, ఫోన్ నంబర్లు ఉన్న లిస్టు పెట్టినవ్, అది అస్సలు వద్దు. ఆడపిల్లల నంబర్లు ముక్కూమొహం తెలియని 60 మంది ఇన్‌బాక్సుల్లో పడేసినట్టయింది.

ఇందులో రెండు ఆర్థిక సంవత్సరాలు అన్న మాట ఎందుకు పెట్టిననో చెప్పాలె, నువ్వు అది తీసేస్తవేమోనని. కంపెనీ నీ ఖాతాలో డబ్బు వేస్తే వాళ్ల లెక్కలో ఖర్చయినట్టు కాదు, నువ్వు దాన్ని ఖర్చు పెడితేనే అయినట్టు. డబ్బు ఒప్పుకున్న పనికే వాడినట్టు వాళ్ల ఫైనాన్స్ హెడ్ సంతకం పెట్టాలె. మామూలు ప్రాజెక్టులో మార్చి 31కి మిగిలిపోయిన డబ్బును ఆరు నెలల్లోపు ప్రభుత్వం చెప్పిన నిధికి కట్టాలె. అదే కొనసాగే ప్రాజెక్టుగా బోర్డు ముందే ఒప్పుకుంటే, మిగిలినదాన్ని 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి, తర్వాత మూడేళ్లలో అదే ప్రాజెక్టుకు వాడొచ్చు. నీ ఆఖరి విడత డిసెంబర్‌లో పడుతది కదా. ముందే చెప్పకపోతే మార్చిలో ఫైనాన్స్ నుంచి ఫోన్ వస్తది, "మొత్తం ఖర్చయినట్టు సర్టిఫికెట్ పంపండి" అని. అప్పుడు టెన్షన్‌లో తప్పుడు లెక్క రాసి ఇరుక్కున్నవాళ్లు మనలోనే ఉన్నరు.

ఎప్పుడు పంపాలన్నదీ దీనితోనే ముడిపడి ఉంది. కంపెనీ ఏడాది ప్లాను ఆర్థిక సంవత్సరం మొదట్లో కమిటీ ముందుకు పోతది, కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో నీ మెయిల్ వాళ్ల దగ్గరుంటే ప్లానులో చోటు దొరికే అవకాశముంది. నువ్వు ఆగస్టులో పంపినవ్, అప్పటికి పళ్లెం ఖాళీ. డిసెంబర్, జనవరిలో కొందరు మిగిలిన డబ్బుకు చోటు వెతుకుతుంటరు. అప్పుడు పిలుపొస్తే సంబరపడి మొత్తం ప్రాజెక్టు ఒప్పుకోకు, మార్చిలోపు 60 రోజుల ట్రైనింగ్, ఆరు నెలల పరిశీలన అవ్వదు. మిషన్లు కొనడం, జనవరి బ్యాచ్ బట్ట, దారం, పరీక్ష ఫీజు లాంటి మార్చిలోపు నిజంగా అయిపోయే భాగం మాత్రమే విడదీసి ఇవ్వు. మిషన్ల విషయంలో వాళ్లు అడుగుతరు, అవి ఎవరి పేరున ఉంటయని. సీఎస్‌ఆర్ డబ్బుతో కొన్న ఆస్తి కంపెనీ తన పేరున పెట్టుకోకూడదు, సీఎస్‌ఆర్ నంబర్ ఉన్న మీ లాంటి సొసైటీ పేరున ఉండొచ్చు. అందుకే ఆ లైను మెయిల్‌లో పెట్టిన.

ఎవరికి పంపాలన్నది కూడా చూసుకో. నువ్వు అన్నీ info అని మొదలయ్యే అడ్రస్‌లకు పంపినవ్, అందరినీ ఒకే మెయిల్‌లో పెట్టి. అందరి అడ్రస్‌లూ అందరికీ కనబడ్డయి. అది చూసిన ప్రతివాడూ "మిగతా 59 మందిలో ఎవరో ఒకరు ఇస్తర్లే" అనుకుంటడు. ఒక్కొక్కరికి విడిగా పంపు. ఇక్కడ యూనిట్ ఉన్న కంపెనీకైతే ముందు యూనిట్ హెచ్‌ఆర్‌ను కలువు, అపాయింట్‌మెంట్ తీసుకొని పది నిమిషాలు. ఆయన డబ్బు ఇయ్యడు కానీ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సీఎస్‌ఆర్ చూసే మనిషి పేరు చెప్తడు, ఆయనను కాపీలో పెట్టమంటడు. మా టీమ్‌లో ఉన్నప్పుడు ప్లాంట్ నుంచి ఎవరో ఒకరు "వీళ్ల సెంటర్ నేను చూసిన" అని ఒక్క లైను రాస్తే, ఆ మెయిల్‌ను ఆ రోజే తెరిచేవాళ్లం.

జవాబు రాకపోతే పన్నెండు పదమూడు రోజులకు అదే మెయిల్ మీద రిప్లై పెట్టు, కొత్త మెయిల్ కాదు. "మీరు చూశారా" అని అడగకు. కొత్త సమాచారం ఒకటి ఇవ్వు, "జులై బ్యాచ్‌కు 52 మంది పేర్లు ఇచ్చారు, 40 మందికే చోటుంది" లాంటిది, నిజమైతేనే. రెండుసార్లు చాలు. మూడోసారికి ఆ ఏడాది వదిలెయ్, వచ్చే ఫిబ్రవరికి పేరు రాసి పెట్టుకో.

వీటన్నిటికంటే ముందు పోయినేడు లిస్టు తీసుకొని ఈ వారమే ఫోన్లు చెయ్, నువ్వే చెయ్, వేరేవాళ్లకు అప్పజెప్పకు. ఎత్తని నంబర్‌ను పనిలో లేనట్టే రాసుకో. ఎత్తినవాళ్లను ఏ యూనిట్, ఏ షిఫ్టు, చివరి జీతం ఎప్పుడొచ్చింది అని మూడే అడుగు, పీఎఫ్ నంబర్ ఉందేమో కనుక్కో. వచ్చిన అంకె ఎంతైనా సరే, మెయిల్ రెండో పేరాలో నేను ఊహించి రాసినవి తీసేసి దాన్ని పెట్టి నాకు పంపు, సబ్జెక్టు లైనుతో సహా ఇంకోసారి చూస్తా.